ఆపిన ఫోనుకే గట్టి తాళం

2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద గంజాయి తనిఖీ పేరుతో పోలీసులు కుర్రాళ్లను ఆపి, వాళ్ల వాట్సాప్ చాట్లు వెతికిన వీడియో గుర్తుందా? మొన్న తిరువూరులో క్లాసయ్యాక ఆ మాటే వచ్చింది. "నాది వేలిముద్ర లాక్ మేడమ్, డేటా అంతా ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది" అన్నాడొక విద్యార్థి.

"ఫోను ఆపి, ఆన్ చెయ్యి నాన్నా" అన్నాను. వేలు పెట్టాడు. తెరుచుకోలేదు, పిన్ అడిగింది.

ఆ మొదటి పిన్ కొట్టేదాకా మన ఫొటోలు, మెసేజీలు ఎవరికీ అర్థంకాని రాతగానే ఉంటాయి. ఒకసారి కొట్టాక, స్క్రీన్ మళ్లీ లాకైనా, ఆ రాతను విప్పే తాళంచెవి ఫోను మెమరీలోనే ఉండిపోతుంది. ఫోరెన్సిక్ పరికరాలకు అలాంటి ఫోనే సులువు. పైగా మన వేలు బలవంతంగా పట్టుకుని పెట్టించొచ్చు.

అందుకే ధర్నాకు పోయేటప్పుడు వేలిముద్ర తీసేయండి. ఫోను చేజారేలా ఉంటే ముందే స్విచాఫ్ చేయండి. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలే, ఆరంకెలకు 10 లక్షలు. ఆరే పెట్టుకోండి, పుట్టినతేదీ మాత్రం వద్దు.

ఒకటి మరవకండి. మీరు పంపిన మెసేజీ అవతలివాళ్ల ఫోనులోనూ ఉంటుంది. మీ తాళం అక్కడిదాకా పోదు.