కంబళిలో మంచుగడ్డ

చలికాలపు రాత్రి కంబళి కప్పుకొని వెచ్చగా నిద్రించిన ప్రతి బాలుడూ కంబళికి వేడినిచ్చే గుణమున్నదని నమ్ముతాడు. ఆ నమ్మకం అనుభవం నుండి పుట్టినది. కనుక “ఉన్ని అధమ ఉష్ణవాహకం” అని నల్లబల్లపై వ్రాసినంత మాత్రాన అది తొలగిపోదు. బాలుడు ఆ వాక్యాన్ని పరీక్షలో వ్రాస్తాడు, నమ్మకాన్ని మనస్సులో అలాగే ఉంచుకుంటాడు. ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా ఏడవ తరగతికి ఉష్ణప్రసారం బోధించవలసి వచ్చినప్పుడు, మేము ఈ నమ్మకాన్నే పాఠానికి పునాదిగా చేసుకున్నాము. ఊహ, అన్వేషణ, వివరణ అనే మూడు మెట్ల క్రమాన్ని అనుసరించాము.

మా ప్రశ్న ఇది: సమానమైన రెండు మంచుగడ్డలలో ఒకదానిని కంబళిలో చుట్టి, రెండవదానిని బల్లపై విడిచిపెడితే, ఏది ముందు కరుగుతుంది? ప్రతి విద్యార్థీ తన ఊహను, దానికి కారణాన్ని నోటుపుస్తకంలో కలంతోనే వ్రాయాలని నియమం పెట్టాము. పెన్సిలుతో వ్రాస్తే ఫలితం తెలియగానే కొందరు చెరిపి దిద్దుకుంటారు. అప్పుడు వారి అసలు ఆలోచన ఉపాధ్యాయునికీ అందదు, వారికీ మిగలదు. కారణం లేని ఊహ బొమ్మా బొరుసా వేయడం వంటిది. కారణం వ్రాసినప్పుడే అది పరీక్షకు నిలుస్తుంది. నలభైమందిలో ముప్పైయొక్కరు “కంబళి వేడి చేస్తుంది గనుక చుట్టినదే ముందు కరుగుతుంది” అని వ్రాశారు.

అన్వేషణలో జాగ్రత్త వహించవలసినది కొలత విషయంలో. మంచును నేరుగా కంబళిలో చుడితే కరిగిన నీటిని ఉన్ని పీల్చుకుంటుంది. నీరు కనబడనందున మంచు కరగలేదనే భ్రమ కలుగుతుంది. పైగా తడిసిన ఉన్ని వేడిని బాగా ఆపలేదు. అందుచేత ఒకే పరిమాణం గల నాలుగేసి ముక్కలను రెండు పాలిథిన్ సంచులలో వేసి మూతి బిగించి కట్టాము. ఒక సంచిని నాలుగు మడతల కంబళిలో చుట్టాము. రెండింటినీ ఒకే బల్లపై ఉంచాము. ఇరవై నిమిషాల తరువాత నీటిని కొలజాడీలో పోయగా, విడిగా ఉన్న సంచిలో 18 మిల్లీలీటర్లు, చుట్టిన సంచిలో 7 మిల్లీలీటర్లు వచ్చాయి. విడి సంచి వెలుపల పట్టిన చెమ్మ గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడినది, మంచు కరిగిన నీరు కాదు. కనుక దానిని ముందుగా తుడవాలి.

ఇక్కడ పాఠం ముగిసినదనుకోవడం పొరపాటు. వివరణ అడిగినప్పుడు ఒక బాలిక లేచి, “అయితే కంబళిలో చల్లదనం ఉన్నది సార్!” అన్నది. తక్కినవారు తలలూపారు. పాత భావన పోయి, దాని స్థానంలో మరొక తప్పు భావన వచ్చింది. ఒకే ఫలితానికి రెండు వివరణలు పొసగుతున్నప్పుడు, ఆ రెండింటినీ వేరుచేసే ప్రయోగాన్ని ఎంచుకోవడమే పాఠ్యప్రణాళికలో అసలు పని. ఉపాధ్యాయుడు జవాబు చెప్పడానికి తొందరపడితే ఆ అవకాశం పోతుంది.

మరునాడు ఒకే రకమైన రెండు స్టీలు గ్లాసులలో 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీరు సమానంగా పోసి మూతలు పెట్టి, ఒకదానికి కంబళి చుట్టాము. కంబళిలో చల్లదనమే ఉంటే ఈ నీరు త్వరగా చల్లారాలి. వేడిని పుట్టించే గుణమే ఉంటే నీరు మరింత వేడెక్కాలి. కంబళి అడ్డుగోడ మాత్రమే అయితే నీరు నెమ్మదిగా చల్లారాలి. ఈసారి విద్యార్థులు మూడు పక్షాలుగా చీలి ఊహలు వ్రాశారు. ఇరవై నిమిషాలకు విడి గ్లాసులో 50 డిగ్రీలు, చుట్టిన గ్లాసులో 56 డిగ్రీలు ఉన్నాయి. మూతలు లేకుంటే ఆవిరితోబాటు వేడి రెండింటి నుండీ పోయి, ఈ భేదం తగ్గిపోతుంది. వట్టి కంబళి మడతలలో ఉంచిన ఉష్ణమాపకం గది ఉష్ణోగ్రతనే చూపింది.

అప్పుడు తరగతిలో ఒకరి మాటకు మరొకరి మాట తోడై వివరణ రూపుదిద్దుకున్నది. వేడి ఎప్పుడూ వెచ్చని చోటునుండి చల్లని చోటికి పోతుంది. ఉన్ని పోగుల నడుమ చిక్కుకొన్న గాలి కదలలేక ఆ ప్రయాణాన్ని మందగింపజేస్తుంది. మంచు విషయంలో వెలుపలి వేడి లోనికి రాలేదు. నీటి విషయంలో లోపలి వేడి వెలుపలికి పోలేదు. కంబళి చేసిన పని రెండుచోట్లా ఒక్కటే. దేహం స్వయంగా వేడిని పుట్టిస్తుంది గనుక రాత్రివేళ అదే కంబళి మనకు వెచ్చగా తోస్తుంది. అడ్డు పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. చుట్టిన మంచు కూడా కొంత కరిగినది గదా!

ఈ విధానానికి రెండు పీరియడ్లు పట్టింది. చెప్పి వ్రాయిస్తే పావుగంట చాలును. అయితే చివరి పది నిమిషాలలో ఒక కొత్త ప్రశ్న వేశాము: ఐసు అమ్మేవాడు గడ్డను రంపపుపొట్టులో ఎందుకు దాస్తాడు? ముప్పైనలుగురు చిక్కుకొన్న గాలిని ప్రస్తావించి జవాబు వ్రాశారు. తక్కిన ఆరుగురు “రంపపుపొట్టు చల్లగా ఉంటుంది” అనే వ్రాశారు. వారి తరువాతి పాఠం ఎక్కడ ఆరంభం కావాలో ఆ ఆరు కాగితాలు మాకు తెలిపాయి.