పోపులో గోధుమపిండి

మా మేనకోడలికి సీలియాక్ జబ్బని తేలి రెండేళ్లయింది. గోధుమలు, బార్లీలో ఉండే గ్లూటెన్ కొంచెం లోపలికి వెళ్లినా ఆ పిల్ల పేగు దెబ్బతింటుంది. చపాతీ, బ్రెడ్డు, ఉప్మారవ్వ మానేయడం అందరికీ తట్టేదే. పప్పుచారు పోపులో గోధుమపిండి ఉంటుందని ఎవరికి తడుతుంది చెప్పండి?

అసలు ఇంగువంటే ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే పాలు. ఎండితే బంకముద్దవుతుంది. దాని ఘాటుకి చిటికెడు కూడా ఎక్కువే. అందుకని తయారీదార్లు గోధుమపిండో, మైదానో, బియ్యప్పిండో, తుమ్మబంకా కలుపుతారు. మనం మామూలుగా కొనే పొడి ఇదే. డబ్బా మీద 'కాంపౌండెడ్' అనో 'బంధానీ' అనో ఉంటుంది. ఇది కల్తీ కాదు, వాడుకోవడానికి వీలుగా చేసిన పద్ధతి. గోధుమ పడనివాళ్లు మాత్రం డబ్బా వెనక్కి తిప్పి ఏ పిండో చదవాల్సిందే. 'స్టార్చ్' అని మాత్రమే రాసి, దేనిదో చెప్పకపోతే నేను కొనను. బియ్యప్పిండితో చేసి, గ్లూటెన్ లేదని రాసినవి దొరుకుతున్నాయి. విడిగా అమ్మే ముద్ద నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడుతుంది, అదే అసలుదని అంటారు. పిండి కలిసినా నీళ్లు తెల్లబడతాయి కదా! ఆ పిల్ల కోసమైతే ఆ పరీక్షను నమ్మను.

ఇక వేయడం. నలుగురికి పప్పుచారంటే రెండు చెంచాల నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేస్తాను. ఆవాలు చిటపటలాడి ఆగాక స్టవ్ కట్టేసి, పావు చెంచా పొడి ఇంగువ వేస్తాను. ఆ వేడి చాలు. మంట మీదే ఉంచితే అందులోని పిండి నల్లబడి చేదెక్కుతుంది. అలా అయితే ఆ పోపు పారబోసి మళ్లీ పెట్టుకోవడమే మేలు.

ముద్ద ఇంగువకి వరస మారుతుంది. మిరియంలో సగమంత ముక్క చాలు. అన్నిటికన్నా ముందు, సన్నమంట మీద నూనెలో వేయాలి. అది పొంగి కరకరలాడేలా అయ్యాక గరిటెతో నలిపి, అప్పుడు ఆవాలు వేయాలి. పొంగకముందే ఆవాలు వేస్తే ముక్క మధ్యలో పచ్చిగా మిగిలి, ఎవరి పంటికిందో పడుతుంది. పచ్చి ఇంగువ వాసన ముక్కు మూసుకునేలా ఉంటుంది. నూనెలో వేగాక ఉల్లి, వెల్లుల్లి వేయించినట్టు కమ్మగా మారుతుంది. అదే గుర్తు.

పిల్ల వచ్చినప్పుడు వేరే డబ్బా, వేరే చెంచా. ఇంగువ మన డబ్బాలోనే ఉండదు మరి, కొన్న సాంబారు పొడిలో, అప్పడాల్లో, పచ్చళ్లలో కూడా ఉంటుంది. అవీ వెనక్కి తిప్పి చదువుతున్నాను.