పైకి చదవలేని చీటీ

సెమినార్ల రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట వైపు కాలేజీ బస్సుల్లో పెదాలు కదులుతూనే ఉంటాయి. స్లైడుకో పేజీ చొప్పున ఇంగ్లిషులో రాసుకుని బట్టీ పడుతుంటారు. ఆ కాగితాలతోనే నిలబడితే తల ఎత్తడం కష్టం. మధ్యలో ఒక ముక్క మరిచిపోయి కిందికి చూస్తే చాలు, ఎదురుగా పూర్తి వాక్యం ఉంటుంది కాబట్టి కన్ను దాన్ని చివరిదాకా చదివేస్తుంది. అందుకని చీటీ మీద వాక్యం ఉండకూడదు.

మా అక్క కూతురు ఫార్మసీ చదువుతోంది. జీనోమ్ వ్యాలీ దగ్గర్లోనే ఉందని కాబోలు, టీకాల నిల్వ మీద సెమినార్ తీసుకుంది. ఒక స్లైడుకు రాసుకున్నది ఇదీ: చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. సీసా మీది వీవీఎం గుర్తులో రంగు వలయం, దాని మధ్య లేత చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది, వలయం రంగులో కలిసిపోయిందంటే ఆ సీసా వాడకూడదు. గడ్డకట్టి పాడైన సంగతి మాత్రం ఈ గుర్తు చెప్పదు. అల్యూమినియం లవణం కలిసిన టీకాలైతే ఊపి చూస్తారు.

దీనికి ఆమె మొదట చేసిన చీటీలో ఉన్నవి: ఉష్ణోగ్రత, వీవీఎం, ప్రాముఖ్యం, పరిమితులు.

"ప్రాముఖ్యం దగ్గర ఏం చెప్తవే?"

"ముఖ్యమని చెప్త, చిన్నమ్మా."

అవి శీర్షికలు, స్లైడు మీద ఎలాగూ ఉంటాయి. చీటీకి కావలసింది తరువాతి మాటను లాక్కొచ్చే మాట. మళ్లీ రాయించాను: "2–8. లేత చదరం. కలిస్తే వద్దు. గడ్డ? ఊపు." కావాలనే తెలుగులో రాయించాను. మాట్లాడేది ఇంగ్లిషులో కాబట్టి దాన్ని పైకి చదవడం కుదరదు. వాక్యం అప్పటికప్పుడు అల్లుకోవాల్సిందే. ఆలోచన కూడా ఇంగ్లిషులోనే సాగేవాళ్లకు ఈ కిటుకు పనిచేయదు, వాళ్లు బొమ్మ గీసుకోవడం మేలు.

స్క్రిప్టు నా దగ్గర పెట్టుకుని చెప్పమన్నాను. "ఊపు" దాకా బాగానే వచ్చి, ఊపాక ఏం చూడాలో చెప్పే దగ్గర ఆగింది. అదే బ్యాచిలోని ఇంకో సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగించి, దాన్నీ అనుమానం ఉన్న సీసానూ ఒకేసారి ఊపాలి. గడ్డకట్టిన దాంట్లో మడ్డి త్వరగా దిగుతుంది. అనుమానం ఉన్న సీసాలోనూ అంతే త్వరగా దిగితే పారేయాలి. "ఊపు" పక్కన "జత" చేర్చింది, అంతే. ఆగిన చోట ఒక మాట చేర్చాలి, అవసరం పడని మాట కొట్టేయాలి. మొదటి వాక్యం, అంకెలు, పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. నల్సార్‌లో వాదన వినిపించే పిల్లలకైతే చట్టంలోని మాటలు కూడా. అక్కడ సొంత అల్లిక పనికిరాదు.

పాత శుభలేఖల అట్టలు ఇందుకు బాగుంటాయి, చేతిలో వణకవు. మూలన స్లైడు నంబరు పెద్దగా వేసి, కన్నం పొడిచి దారం కట్టాలి. నొక్కేది ఒకసారే అయినా స్లైడ్లు రెండు దూకే ప్రొజెక్టర్లు మన కాలేజీల్లో తక్కువేం కాదు.