ప్రశ్న ముందు, తెర తరువాత

సైనిక్‌పురి నుండి నాచారం మీదుగా ఉప్పల్ వరకు సాగే బస్సు ప్రయాణమే మా అక్కాచెల్లెళ్ల పోటీపరీక్షల పునశ్చరణ వేళ. ఉద్యోగం, ఇంటిపనుల నడుమ మాకు మరొక సమయం దొరకదు.

ఫోనులో నోట్సును జరుపుతూ పోతే అంతా తెలిసినట్లే తోస్తుంది. 2006లో అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికీ జరిపిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత ముందున్నారు; వారం గడిచాక మాత్రం చూడకుండా గుర్తుచేసుకున్నవారే ఎక్కువ చెప్పగలిగారు.

అందుచేత మేము రాత్రివేళ ఐదు ప్రశ్నలు ఫోనులో వ్రాసుకుంటాము. జవాబులు వేరే పుటలో ఉంచుతాము. ఉదాహరణకు, రాజ్యాంగంలోని 32, 226 అధికరణలకు భేదమేమి? బస్సులో ప్రశ్న చూసి, ఫోనును ఒడిలో బోర్లించి, ఒకరికొకరం మెల్లగా జవాబు చెప్పుకుంటాము. 32వ అధికరణ ప్రాథమిక హక్కుల కోసం సుప్రీంకోర్టుకు దారి చూపుతుంది. 226వది ఆ హక్కులతోపాటు ఇతర చట్టబద్ధ హక్కుల కోసమూ హైకోర్టుకు. ఆ చివరి మాట తప్పిపోయినా ప్రశ్న మరునాడు తిరిగి వస్తుంది. సరిగా చెప్పినది మూడు రోజుల తరువాత వస్తుంది.

జవాబు నోట రాకముందే వేలు తెరపై జారితే, చదువు ఆగి వట్టి చూపు మొదలైందని గ్రహిస్తాము. కొత్త పాఠాన్ని మాత్రం బస్సులో ఆరంభించము. దానికి బల్ల, కాగితం, నిశ్శబ్దం కావాలి.