ఆరు పుల్లలు, ఒక సబ్బుబిళ్ళ

చిన్నప్పుడు ఆరు అగ్గిపుల్లలతో నాలుగు త్రిభుజాలు చెయ్యమని ఎవరో మిమ్మల్నీ ఏడిపించే ఉంటారు. బల్లమీద ఎంత పేర్చినా కుదరదు. మూడు పుల్లలు కింద పరిచి, మిగతా మూడూ పైకి నిలబెట్టి కొసలు కలపాలి. అదే క్రమ చతుర్ముఖి. ఆరంచులూ సమానం.

అంచు 12 అనుకుందాం. ఎత్తెంత? చాలామంది చటుక్కున 6√3 అంటారు. అది పక్క ముఖం మీద వాలుగా కొలిచిన ఎత్తు. మనకు కావలసింది శిఖరం నుంచి తూకపు గుండు వేలాడదీస్తే నేలకు తగిలే దూరం. గుండు తగిలేది కింది త్రిభుజం గురుత్వ కేంద్రానికి. మూల నుంచి అక్కడికి మధ్యగతంలో మూడింట రెండొంతులు, అంటే 4√3. ఇక పైథాగరస్: 144 − 48 = 96. ఎత్తు 4√6, సుమారు 9.8. వాలు ఎత్తు 10.4 కదా, నిలువు అంతకంటే తక్కువే రావాలి. వచ్చింది.

భూ వైశాల్యం 36√3. దాన్ని ఎత్తుతో గుణించి మూడో వంతు తీస్తే 48√18, అంటే 144√2.

మరి మూడో వంతే ఎందుకు? 499 నాటి ఆర్యభటీయంలో ఈ ఆరంచుల ఘనాన్ని ‘షడశ్రి’ అన్నారు. అక్కడ చెప్పిన సూత్రం మాత్రం సగం! త్రిభుజానికి సగం కదా, దీనికీ అంతేననుకున్నారు కాబోలు. అలాగైతే 216√2 వస్తుంది. ఏది సరైనదో సబ్బుబిళ్ళను అడుగుదాం.

సబ్బును భుజం 6√2 ఉన్న ఘనంగా చెక్కండి. ముఖ కర్ణం సరిగ్గా 12. ఒకటి విడిచి ఒకటిగా నాలుగు మూలలు ఎంచుకుని, మిగతా నాలుగు మూలలనూ ముఖ కర్ణాల వెంట కోసి తీసేయండి. లోపల మిగిలేది మన చతుర్ముఖే. ఘనం మొత్తం 432√2. తీసేసిన ఒక్కో మూలకు భూమి 36, ఎత్తు 6√2. సగం సూత్రంతో ఒక్కో మూల 108√2. నాలుగూ కలిస్తే 432√2. అంటే మూలలే సబ్బంతా తినేశాయి, మన చేతిలో ఉన్న ముక్క శూన్యమన్నమాట! మూడో వంతు అనుకుంటే ఒక్కో మూల 72√2, నాలుగూ 288√2, మిగిలింది 144√2. లెక్క కుదిరింది. 628లో బ్రహ్మగుప్తుడు చెప్పింది ఈ మూడో వంతే.

12 బదులు a పెడితే ఎత్తు a√6/3, ఘనపరిమాణం a³√2/12. సూత్రం మరిచిపోతే కంగారు పడకండి. ముఖ కర్ణం a అయిన ఘనం భుజం a/√2. దాని ఘనపరిమాణంలో మూడో వంతు తీసుకోండి. చేతులకంటిన సబ్బు కడుక్కునేలోపే జవాబు వచ్చేస్తుంది.