అత్తయ్య రిపోర్టులో 1.3

మా అత్తయ్యకి ఎనభై రెండేళ్లు. కిందటి చలికాలంలో దగ్గు, జ్వరంతో మొదలై ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో లెవోఫ్లాక్సాసిన్ 500 రోజుకొకటి, వారం రోజులు వేయమన్నారు. "కిడ్నీలు ఎలా ఉన్నాయి?" అని అడిగితే జవాబు చెప్పింది నేనే. "క్రియాటినిన్ 1.3 అండీ, కాస్త ఎక్కువ, అంతే" అన్నాను.

నాలుగో రోజు రాత్రి ఆవిడ కన్ను మూయలేదు. "పాలవాడొచ్చాడు, గిన్నె తియ్యి" అంటూ రెండింటికి మంచం దిగబోయారు. కొడుకుని "ఎవరు బాబూ నువ్వు?" అన్నారు. జ్వరం తగ్గాక ఇదేమిటి, వయసు మీదపడి మతి తప్పుతోందా అని ఏడుపొచ్చింది నాకు.

పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరుగారు షుగరు, సోడియం, ఆక్సిజన్ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత మందుల సంచీ అడిగి, ఆవిడ బరువు తూయించారు. 42 కిలోలు. చీటీ వెనక లెక్క వేశారు. 140లోంచి వయసు 82 తీసేస్తే 58. దాన్ని బరువుతో గుణిస్తే 2436. క్రియాటినిన్ 1.3ని 72తో గుణిస్తే 93.6. దాంతో భాగిస్తే 26. ఆడవాళ్లు కాబట్టి 0.85తో గుణిస్తే 22.

"నలభై ఏళ్ల, 70 కిలోల మగవాడికి ఇదే 1.3 ఉంటే 75 వస్తుందమ్మా. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది. ఈవిడ ఒంట్లో కండే లేదు, అందుకే అంకె చిన్నగా కనిపిస్తోంది" అన్నారు.

ఈ మందు చాలావరకు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. ఆ లెక్క 50కి తగ్గితే మోతాదు తగ్గించాలట. అత్తయ్యకైతే మొదటిరోజు 500, రెండోరోజు నుంచి 250. మొదటి మాత్ర ఎందుకు తగ్గించరని అడిగాను. "రక్తంలో మందు త్వరగా తగినంత చేరాలి కదా. అదీ తగ్గిస్తే జబ్బు ముదురుతుంది. కిడ్నీ సంగతి ఆ తర్వాతి మాత్రలకే" అన్నారు. మాకు రోజూ 500 పడేసరికి, పోవాల్సిన మందు పేరుకుని తలకెక్కింది. దాన్ని ఆపి, కిడ్నీని బట్టి తగ్గించనక్కర్లేని డాక్సీసైక్లిన్ రాశారు. మూడోరోజు పొద్దున అత్తయ్య నన్ను పేరుపెట్టి పిలిచి కాఫీలో పంచదార చాల్లేదన్నారు.

ఇప్పుడు ఆవిడ ఫైలు మీద వయసు, బరువు, క్రియాటినిన్, పరీక్ష చేయించిన తేదీ రాసి అంటించాను. మాత్ర సగం విరిచే పని మాత్రం నేనెప్పుడూ చెయ్యను. జ్వరంతో నీళ్లు తాగకపోయినా, విరోచనాలైనా ఆ అంకె రెండు రోజుల్లో మారిపోతుంది, పాత రిపోర్టుతో వేసిన లెక్క పనికిరాదు. అందుకే మళ్లీ పరీక్ష చేయించి, చీటీ రాసేముందే డాక్టరుగారికి కాగితం చూపిస్తాను. "కాస్త ఎక్కువ, అంతే" అనడం మానేశాను.