యాడికి అర్థమయ్యే స్వాగత గీతం

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది. వార్షికోత్సవాల సీజన్ కదా, మీలో ఎవరికో ఒకరికి మీ పాత బడి నుంచి ఫోన్ వస్తది, "స్వాగత గీతం రాసియ్యి బిడ్డా" అని. నాకు వచ్చింది. అందుకే రాస్తున్న.

మాది మానుకోట జిల్లాలో ఒక తండా. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలోనే ఇప్పుడు మా చెల్లె ఏడో తరగతి. సంక్రాంతి సెలవులు అయిపోయి నేను హాస్టల్‌కు వచ్చిన వారానికి అక్కడి తెలుగు మేడం ఫోన్ చేసింది. ఫిబ్రవరిలో ప్రోగ్రాం, స్వాగత గీతం కొత్తది కావాలె, నువ్వు డిగ్రీ చదువుతున్నవు కదా అన్నది. డిగ్రీకి పాటకు ఏం సంబంధమో తెలియదు కానీ, మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కింది నేనొక్కదాన్నే కాబట్టి అన్ని పనులూ నాకే వస్తయి. సరే అన్న.

ఆ రాత్రే కూర్చొని రాసిన. సుస్వాగతం, సుమాంజలి, హృదయపూర్వక, విశిష్టాతిథులు, విద్యాదాతలు... నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ పడ్డయి. చూసుకొని మస్తు సంతోషపడ్డ. ఆదివారం బస్సెక్కి బడికి పోయి పిల్లలకు నేర్పించిన. పన్నెండు మంది ఆడపిల్లలు, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా. పావుగంటల్నే నా పాట సంగతి బయటపడింది.

"విశిష్టాతిథులకు" అనే మాట దగ్గర అందరూ ఆగుతున్నరు. "విశిష్టా" అని ఊపిరి పీల్చుకొని, "తిథులకు" అని అందుకుంటున్నరు. వినేవాళ్ళకు ఏమనిపిస్తది? పాడ్యమి, విదియ, తదియ నాడు వచ్చే తిథులకు స్వాగతం చెప్తున్నట్టు ఉన్నది! మేడం నవ్వింది, నేనూ నవ్విన. తప్పు మాత్రం పిల్లలది కాదు. చప్పట్లు కొట్టుకుంటూ పాడే పాటకు ఒక్కో చప్పట్లో నాలుగు మాత్రలు పడితే నాలుకకు హాయిగా ఉంటది. మాత్ర అంటే తొమ్మిదో తరగతిలో మనం గుర్తులు పెట్టిందే, లఘువు ఒకటి, గురువు రెండు. "విశిష్టాతిథులకు"లో వి ఒకటి, శి రెండు, ష్టా రెండు. నాలుగు దగ్గర చప్పట్లు పడాలంటే "ష్టా"ను నడిమికి కోయాలె. అక్కడ కోయలేక పిల్లలు దాని తర్వాత కోస్తున్నరు. "హృదయపూర్వక" కూడా అంతే, "పూ" మీద విరుగుతది. "అతిథులు" అన్నామనుకో, అన్నీ లఘువులే, సరిగ్గా నాలుగు, ఒక్క చప్పట్లో అయిపోతది.

ఇదంతా సరిచేయొచ్చు. కానీ బస్సులో తిరిగి వస్తుంటే ఇంకో ముచ్చట గుర్తొచ్చింది, అది సరిచేసేది కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఇదే బడిలో స్వాగత గీతం పాడిన పిల్లల్లో నేనూ ఉన్న. మా యాడి వచ్చింది. ఫిబ్రవరి అంటే మా దిక్కు మిరప తోటల్లో కాయ ఏరే రోజులు. ఆ రోజు కూలి పోగొట్టుకొని, తొమ్మిదింటికల్లా వచ్చి, గోడ పక్కన వేపచెట్టు కింద కూర్చున్నది. కుర్చీలు ఉన్నయి, కానీ అవి ఎవరికో అని కూర్చోలేదు. పెద్ద సార్లు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. వాళ్ళు స్టేజీ ఎక్కినాక మేము పాడినం. సాయంత్రం పోయేటప్పుడు యాడి మా బోలిలో నన్ను అడిగింది, "మీరు పాడింది ఏ దేవుడి పాట?" అని. అది మీకు స్వాగతం చెప్పే పాట యాడీ అన్న. "నాకా?" అన్నది. ఇంకేం అనలేదు. నేనూ అప్పుడు పట్టించుకోలేదు.

ఇప్పుడు రాసిన పాట కూడా యాడి వింటే అదే అడుగుతది. అందుకని మొత్తం కొట్టేసిన.

రెండోసారి ఒక్కటే లెక్క పెట్టుకున్న. ఇంటికి చుట్టాలొస్తే యాడి ఏమంటది? రండి అంటది, కాళ్ళకు నీళ్ళిస్తది, కూర్చోమంటది, ఎట్లొచ్చినరని అడుగుతది. ఆ నాలుగు ముచ్చట్లే పాట. ఒక్కో లైను రెండు చప్పట్లు, అంటే ఎనిమిది మాత్రలు. అంతకు మించొద్దు. ఆరో తరగతి పిల్ల ఒక్క ఊపిరిలో తేలిగ్గా అనగలిగేది అంతే. లైను చివర అచ్చు దీర్ఘంగా ఉండాలె, గొంతు అక్కడ సాగుతది, మైకు దూరంగా ఉన్నా వినపడుతది. ఇట్ల వచ్చింది:

రండీ రండీ
అమ్మా రండీ
నాన్నా రండీ
రేలా రేలా

పొద్దున లేచీ
కూలీ మానీ
మాకోసమనీ
నడిచొచ్చారా

ఇవిగో నీళ్ళూ
కూచోండమ్మా
ముందర కుర్చీ
మీదేనమ్మా

సారూ రండీ
మేడం రండీ
మా బడికొచ్చే
చుట్టాలండీ

యాడీ బాపూ
ఆవో ఆవో

మొదట "రేలా" లేదు, "యాడీ బాపూ ఆవో ఆవో" పల్లవిలోనే ఉండె. నేర్పిస్తుంటే ఒక కోయ పిల్ల, ఎనిమిదో తరగతి, మెల్లగా అడిగింది, "అక్కా, మీ మాట ఉన్నది, మా మాట ఏది?" నాకు సిగ్గనిపించింది. పన్నెండు మందిలో అయిదుగురు కోయ పిల్లలే. మా యాడిని మరిచిన పాట అని కోపం చేసుకున్న నేనే వాళ్ళ అమ్మలను మరిచిన. నువ్వే చెప్పు ఏం పెడదామో అంటే, వాళ్ళల్ల వాళ్ళు మాట్లాడుకొని "రేలా రేలా" అన్నరు. వాళ్ళ ఊర్లల్ల ఆ పలుకు వినపడితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, కాలు అదే కదులుతది. మాత్రలు లెక్కేస్తే సరిగ్గా ఎనిమిది. పల్లవిలో వాళ్ళది, చివర మాది అయింది.

సార్ల పేర్లు పాటలో పెట్టలేదు. పోయిన ఏడు వేరే బడిలో ముఖ్య అతిథి పేరు పెట్టి నెల రోజులు నేర్పించినరట. ఆయన రాలేదు, ఇంకొకాయన వచ్చిండు. పిల్లలు అలవాటులో పాత పేరే పాడినరు. "సారూ", "మేడం" అంటే ఎవరొచ్చినా సరిపోతది.

శ్రుతి దగ్గర ఒక తప్పు చేసినం. మొదట పీఈటీ సారు ఎత్తుకొని పాడి చూపించిండు, పిల్లలు ఆయన గొంతు ఎత్తులోనే అందుకున్నరు. "నాన్నా రండీ" దగ్గర గొంతు కిందికి పోయి గుసగుసలాగ అయింది. తర్వాత అందరికంటే చిన్న పిల్లను ఒక్కదాన్నే పాడమని, ఆమె ఎక్కడ ఎత్తుకుంటే అందరినీ అక్కడ ఎత్తుకోమన్నం. కుదిరింది. సెకనుకు ఒక చప్పట్లు చొప్పున, ముందు ఇద్దరు పాడి మిగిలినవాళ్ళు తిరిగి అంటే, పల్లవి మళ్ళా మళ్ళా వచ్చి సుమారు రెండు నిమిషాల పాట. అంతకంటే పొడుగైతే నిలబడ్డ పెద్దసార్లు వాచీలు చూసుకుంటరు.

అసలు తకరారు పాట అయిపోయినాక వచ్చింది. మా చెల్లెనే అడిగింది. "ముందర కుర్చీ మీదే అంటున్నం కదా అక్కా, ముందు వరుసలు సార్లకు కదా?" పిల్లలందరూ నా మొహం చూస్తున్నరు. ఆ లైను తీసేసి ఇంకోటి రాయడం నాకు అయిదు నిమిషాల పని. కానీ తీయబుద్ధి కాలేదు. పెద్దసారు దగ్గరికి పోయిన. గుండె దడదడ కొట్టుకున్నది, ఆయన దగ్గర చదువుకున్నదాన్ని కదా. పాట వినిపించిన. విని కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "ప్రోటోకాల్ ఉంటది తల్లీ" అన్నడు. సార్, పాటలో పిల్లలు అబద్ధం చెప్పినట్టు అయితది అన్న. చివరికి స్టేజీకి ఎడమ పక్క ముందు మూడు వరుసలు తల్లిదండ్రులకు, కుడి పక్క వచ్చిన పెద్దలకు అని ఒప్పుకున్నడు. ఇంకొకటి కూడా అడిగిన. పాట రెండుసార్లు పాడిద్దామని. తల్లిదండ్రులు వచ్చి కూర్చునేటప్పుడు ఒకసారి, సార్లు వచ్చినప్పుడు ఒకసారి. దానికి వెంటనే సరే అన్నడు. ఖర్చు లేదు కదా.

ఆ రోజు తొమ్మిదిన్నరకు మొదటిసారి పాడినం. కుర్చీలు ఖాళీగా ఉన్నయి, అమ్మలంతా గోడ పొంటి నిలబడ్డరు. పాట ఒక్కటే పాడితే ఎవరూ కదలలేదు, ఇది మీరు గుర్తు పెట్టుకోండి. అలవాటైన భయం పాటకు పోదు. "కూచోండమ్మా" దగ్గరికి రాగానే పాడే పిల్లలు వరుస వదిలిపెట్టి కిందికి దిగి, ఎవరి అమ్మ చెయ్యి వాళ్ళు పట్టుకొని తెచ్చి కూర్చోబెట్టినరు. మేము నేర్పించింది కాదు. పాట నడిమిట్ల ఆగిపోయింది, మైకు దగ్గర ఇద్దరే మిగిలిండ్రు. మేడం నా దిక్కు చూసింది. నేను చప్పట్లు ఆపలేదు.

మా యాడి మొదటి వరుసల కూర్చోలేదు. మూడో వరుస చివర కూర్చున్నది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని, కుర్చీ అంచు మీద. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చిండు. అప్పుడు రెండోసారి పాట మొత్తం పాడినం, తప్పు పోలేదు. చివర "యాడీ బాపూ" అనగానే మా దిక్కు ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినరు.

సాయంత్రం బస్టాపు దగ్గర యాడిని అడిగిన, పాట ఎట్లుంది అని. అర్థమైందన్నది. తర్వాత కొంచెంసేపు ఆలోచించి, "ఇవిగో నీళ్ళు అని పాడినరు కదా, పదకొండింటికే బిందెల నీళ్ళు అయిపోయినయి. రెండోసారి పాడేటప్పుడు చుక్క లేదు" అన్నది. నిజమే, నేను చూసుకోలేదు. మీరెవరైనా ఈ పాట తీసుకుంటే తీసుకోండి, మాటలు మీ ఊరివి మార్చుకోండి. కానీ ముందు రెండు డ్రమ్ములు నీళ్ళు పెట్టించి అప్పుడు పాడండి.